కరెంటు లేదు అంటే ఏ కరెంటు?

మా గంగవరం పక్క చేన్లల్లో "కరెంటు లేదు" అంటే చాలా అర్థాలున్నాయి. సబ్‌స్టేషన్‌లో కట్ చేసి ఉండొచ్చు. ఒక ఫేజు పోయి ఉండొచ్చు. ఫ్యూజు కాలి ఉండొచ్చు. స్టార్టర్ డబ్బా మూత తెరిచేవాడికి వీటిలో ఒక్కటీ పనికిరాదు. ఎందుకంటే పోయిన కరెంటు మనల్ని అడక్కుండానే తిరిగి వస్తుంది. పైగా ఈమధ్య ప్రతి బోరుకీ ఆటో స్టార్టర్ ఉంది. మూడు ఫేజులూ రాగానే కొన్ని సెకన్లు ఆగి, మనిషి లేకుండానే మోటారు ఆన్ చేయడమే దాని పని. అర్ధరాత్రి చేనికి పోయే బాధ తప్పింది. అదే సమయంలో డబ్బాలో చెయ్యి పెట్టిన మెకానిక్‌కి కొత్త ప్రమాదం వచ్చింది.

మా మామ బోరు మోటార్ల మెకానిక్. మన పుస్తకాల్లో ఉండే లాకౌట్ అన్న మాట ఆయనకి తెలీదు. కానీ పోయిన వేసవిలో టమాటా తోటలో ఆయన వెనకాల టూల్స్ సంచి పట్టుకుని తిరిగినప్పుడు ఆ పని ఎట్లుంటుందో చూశాను.

కాంటాక్టర్ గరగరమని శబ్దం చేస్తోందని ఒక రైతు పిలిచాడు. కాంటాక్టులు కాలిపోయి ఉంటాయి, మార్చాలి. మామ ముందు స్టార్టర్ మీద ఎర్ర బటన్ నొక్కి మోటారు ఆపాడు. ఆ తర్వాతే మెయిన్ స్విచ్ దించాడు. నడుస్తున్న మోటారుని నేరుగా మెయిన్‌తో ఆపితే బ్లేడ్ల దగ్గర ఆర్క్ వస్తుంది, ఈ పాత స్విచ్‌లు అందుకు చేసినవి కావు. తర్వాత మూడు ఫ్యూజు క్యారియర్లూ పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. హ్యాండిల్ చిల్లులో చిన్న తాళం వేసి, ఆ తాళంచెవి కూడా అదే జేబులోకి. "ఇంగ ఎవుడన్నా ఆన్ చేయాలంటే నన్నడగాల్సిందే అల్లుడూ" అన్నాడు. ఫ్యాక్టరీల్లో ఎర్ర తాళానికి పేరు రాసిన ట్యాగ్ తగిలించేదీ ఇందుకే.

డబ్బా పక్కన కెపాసిటర్ ఉంది. 415 వోల్టుల లైన్లో దాని మీద చేరే పీక్ 587 వోల్టుల దాకా ఉంటుంది. కెపాసిటర్‌ని మోటారు వైపు కలిపితే, ఆపగానే వైండింగ్ గుండా ఖాళీ అవుతుంది. కాంటాక్టర్‌కి ముందు కలిపితే ఆ దారి ఉండదు, లోపలి డిశ్చార్జ్ రెసిస్టర్ ఒక్కటే గతి. అదీ పాడై ఉండొచ్చు. అందుకని మామ ఐదు నిమిషాలు ఆగి, మీటర్‌తో చూశాకే దాని తీగ ముట్టుకున్నాడు.

ఇక టెస్టింగ్. ఆయన దగ్గర స్క్రూడ్రైవర్ టెస్టర్ ఉంది, కానీ నమ్మడు. మే నెల ఎండలో ఆ చిన్న నియాన్ వెలిగిందో లేదో కనపడదు. రెండు బల్బులు సిరీస్‌లో కట్టుకున్న టెస్ట్ ల్యాంప్ వాడతాడు. ఒక్క బల్బు రెండు ఫేజుల మధ్య పెడితే మాడిపోతుంది. ముందు మెయిన్ పైటెర్మినళ్ల మీద పెట్టాడు, రెండూ వెలిగాయి. అంటే ల్యాంప్ పనిచేస్తోంది. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఆ పైటెర్మినళ్లు ఎప్పుడూ ప్రాణంతోనే ఉంటాయని కూడా తెలిసింది కదా. తర్వాత కింది వైపు ఫేజు ఫేజు మధ్య మూడు జతలు, చీకటి.

నేనైతే అక్కడితో అయిపోయిందనుకునేవాణ్ణేమో. ఆయన ఒక్కో టెర్మినల్‌నీ ఎర్త్‌తో కూడా చూశాడు. ఆటో స్టార్టర్ టెర్మినల్ ఒకదానికి పెట్టగానే రెండు బల్బులూ మసకగా వెలిగాయి!

ముందెవరో మెకానిక్ ఇండికేటర్ బల్బులు ఎప్పుడూ వెలగాలని ఒక వైరుని ఫ్యూజుల ముందు నుంచి లాగాడు. దాంతో తాళం వేసినా ఒక ఫేజు డబ్బాలోకి వస్తూనే ఉంది. రెండో ఫేజు లోపల లేదు కాబట్టి ఫేజు ఫేజు మధ్య చూస్తే అది కనపడదు. ఎర్త్‌తో చూస్తేనే దొరుకుతుంది. బ్లేడు ఒకటి సరిగా వెనక్కి రాకపోయినా ఇట్లాగే ఉంటుంది.

మామ మళ్లీ పైటెర్మినళ్ల మీద ల్యాంప్ పెట్టి వెలగడం చూసుకున్నాడు. మధ్యలో అది పాడవలేదని తేలాకే చీకటిగా చూపినవి నిజంగా చీకటివని లెక్క.

రైతుకి తోట వాడిపోతోంది. "ఐదు నిమిషాల పనే కదప్పా, ఆ వైరుకి టేపు చుట్టి చేసేయ్" అన్నాడు. ఆయన బాధా న్యాయమే, ఆ ఎండల్లో ఒక్క పూట నీళ్లు తప్పినా టమాటాకి పూత రాలుతుంది. మామ మూత మూసేశాడు. ఆ వైరు తీయాలంటే పైటెర్మినల్ విప్పాలి. అది మన తాళానికి అందని వైపు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ తీయాలి, అది లైన్‌మన్ పని.

మరుసటి రోజు ఉదయం లైన్‌మన్ ఎల్‌సీ తీసుకుని ఏబీ స్విచ్ దించాడు. ఎల్‌సీ ఎవరు తీసుకుంటే వాళ్లే తిరిగివ్వాలి, ఇంకొకరు ఫోన్ చేసి "అయిపోయింది" అంటే చెల్లదు. మామ పైటెర్మినళ్లని కూడా ల్యాంప్‌తో చూశాడు, చీకటి. ఆ ల్యాంప్‌ని ఇంకో ప్రాణమున్న లైను మీద వెలిగించి చూసుకునే వచ్చాడు. ఆ వైరు తీసి ఫ్యూజుల కిందికి మార్చాడు. కాంటాక్టులు మార్చడం నిజంగానే ఐదారు నిమిషాల పని. పనిముట్లు లెక్క పెట్టుకుని, మూత బిగించి, లైన్‌మన్‌కి చెప్పి, ఏబీ స్విచ్ వేశాక తాళం తీసి క్యారియర్లు పెట్టాడు. పదకొండుకల్లా కాలవలో నీళ్లు పారాయి. ఆ ఇండికేటర్లు ఇప్పుడు మెయిన్ వేస్తేనే వెలుగుతాయి, దానికి రైతు ఇంకా గొణుగుతూనే ఉన్నాడట.