మూడు వందల డాలర్లు పంపితే మన ఖాతాకు ఎంత చేరుతది?

బయటి దేశం పని చేస్తే పైసలు ఎట్ల వస్తయని ఇద్దరు ముగ్గురు అడిగిన్రు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే ఇక్కడ రాస్తే అందరికీ అందుతదని రాస్తున్నం. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

మేము హాస్టల్‌లో ఒకే రూములో ఉండే ముగ్గురం. మా ముగ్గురి ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అమెరికాలో చిన్న దుకాణం నడిపే ఒకాయన పాత బిల్లుల ఫొటోలు పంపుతడు, మేము వాటిని ఎక్సెల్‌లో ఎక్కిస్తం. నెలకు 300 డాలర్ల పని. మెస్ బిల్లు, పరీక్ష ఫీజు అందులోనే. ఒకరు ఇంటికి విత్తనాలకు కూడా పంపాలె. అందుకే వంద రూపాయలు ఎక్కడ పోయినా మాకు లెక్కే.

మొదటిసారి మేము 300కు బిల్లు పంపితే ఖాతాల 280 డాలర్ల లెక్కనే పడింది. ఆయనను అడిగితే "నేను పూర్తిగా 300 పంపిన" అని రసీదు చూపించిండు. ఆయన అబద్ధం ఆడలే. ఇక్కడి బ్యాంకు కూడా ఆ ఇరవై తీయలే. మరి ఎటు పోయినట్టు?

అసలు సంగతేందంటే, డాలర్లు మన దేశానికి రావు. మన బ్యాంకుకు న్యూయార్క్‌లాంటి చోట ఇంకో పెద్ద బ్యాంకులో డాలర్ల ఖాతా ఉంటది. దాన్ని నోస్ట్రో ఖాతా అంటరు. పంపినాయన బ్యాంకు నుంచి డబ్బు అక్కడిదాకే పోతది. మన బ్యాంకు ఆ జమ చూసుకొని ఇక్కడ మనకు రూపాయలు ఇస్తది. ఆ దారిల ఉన్న మధ్య బ్యాంకు తన కూలి తానే కోసుకుంటది. మా ఇరవై డాలర్లు పోయింది అక్కడనే. అనుమానం ఉంటే పంపినాయనను స్విఫ్ట్ కాపీ అడగండి. అందులో చార్జీల గడిలో SHA, OUR, BEN అనే మూడింట్లో ఒకటి ఉంటది. SHA అంటే ఆయన బ్యాంకు చార్జి ఆయనది, దారిల చార్జీలు మనవి. OUR అంటే అన్నీ ఆయనవి. BEN అంటే అన్నీ మనవే. మా కాపీల SHA ఉంది. అదే కాపీల UETR అని 36 అక్షరాల పొడుగు నంబరు ఉంటది. డబ్బు దారిల ఆగితే ఏ బ్యాంకు దగ్గర ఉందో ఆ నంబరుతోనే వెతుకుతరు.

ఇప్పుడు లెక్క చూద్దాం. సులువుగా ఉండాలని గుండు అంకెలు పెడుతున్నం, మీ బ్యాంకుల వేరే ఉండొచ్చు. బజారు రేటు డాలరుకు 85 అనుకోండి. 300 డాలర్లంటే 25,500 రూపాయలు రావాలె. మధ్య బ్యాంకు 20 తీస్తే 280 మిగిలినయి. మన బ్యాంకు ఫోన్‌ల కనబడే రేటు ఇయ్యదు, తన కొనుగోలు రేటు ఇస్తది. అది 84 అనుకుంటే 23,520 అయింది. దాంట్ల నుంచి బ్యాంకు చార్జి 200, దానిమీద 18 శాతం జీఎస్టీ 36 పోతయి. డాలరును రూపాయి చేసినందుకు కూడా జీఎస్టీ ఉంటది. లక్షలోపు మొత్తానికి ఒక శాతాన్ని, కనీసం 250 రూపాయలను, సేవ విలువగా పట్టుకొని దానిమీద 18 శాతం వేస్తరు. మనకు అది 45. చివరికి చేతికి వచ్చింది 23,239. అంటే 2,261 తగ్గింది, దాదాపు తొమ్మిది శాతం. దాంట్ల 1,700 మధ్య బ్యాంకుదే. చాలామంది ఇక్కడి బ్యాంకు సారుతోని కొట్లాడుతరు గని పెద్ద కోత ఆయన దగ్గర లేదు.

మూడు నెలలది కలిపి 900 ఒకేసారి తెప్పిస్తే ఏమైతదని కూడా వేసి చూసినం. ఇరవై ఒక్కసారే పోతది. 880 డాలర్లకు 73,920, చార్జీలు, జీఎస్టీలు పోను 73,551 చేతికి వస్తది. తగ్గింది 2,949 మాత్రమే. విడివిడిగా మూడుసార్లయితే 6,783 పోయేది. కలిపితే లాభమే. కానీ మూడు నెలలు ఆగితే మెస్ బిల్లు ఎవరు కడతరు? ఆయన మధ్యల దుకాణం మూసుకుంటే మూడు నెలల కష్టం మునుగుతది. రూములో దీనిమీద రెండు రాత్రులు వాదన నడిచింది. చివరికి 600 డాలర్ల పని అయినా, రెండు నెలలు నిండినా, ఏది ముందైతే అప్పుడు బిల్లు పంపాలని అనుకున్నం. OUR పెట్టమని ఆయనను ముందే అడిగి ఒప్పించినం. OUR పెట్టినా ఒక్కోసారి మధ్య బ్యాంకు కోసుకుంటది, పూర్తి భరోసా లేదు.

బిల్లు రూపాయల్లో వేస్తే రేటు గొడవ ఉండదు కదా అని ఒక అన్న అన్నడు. మాకు నచ్చలే. అప్పుడు రేటు ఆయన బ్యాంకు చేతిల పడుతది, అది ఎంత పెట్టిందో మనకు కనబడది. డాలర్లలో వేస్తే రేటు డబ్బు మార్చినరోజుది, బిల్లు రాసినరోజుది కాదు. ఆ పెరుగుడు తరుగుడు మనమే మోయాలె.

ఇక గడువు. తేదీని అంకెల్లో రాయకండి. మనం 04/06 అని రాస్తే జూన్ 4. అమెరికావాళ్లు నెల ముందు చదువుతరు, వాళ్లకు అది ఏప్రిల్ 6. నెల పేరు రాస్తే తంటా లేదు. "15 రోజుల్లో" అని ఊరికే రాసినా చిక్కే, బిల్లు తేదీ నుంచా, ఆయనకు అందినరోజు నుంచా అని ప్రశ్న వస్తది. జూన్ 4న పంపిన బిల్లుల మేము ఇట్ల పెట్టినం:

```
Invoice date: 4 June 2025
Due date: 18 June 2025
Currency: USD
Bank charges: OUR
```

15 రోజులు లెక్కేస్తే 19 వస్తది. ఆ రోజు అమెరికాలో జూన్‌టీన్త్ సెలవు, బ్యాంకులు మూత. ఇరవై శుక్రవారం, తర్వాత శని, ఆదివారాలు. అందుకే 18 పెట్టినం. ఆ తేదీ ఆయన పంపాల్సిన తేదీ మాత్రమే, మన ఖాతాల పడటానికి ఇంకొన్ని పనిరోజులు పడతయి. ఫీజు కట్టే తేదీకి అంతకు తగ్గట్టు ముందే బిల్లు పంపాలె.

మన పిల్లలకు ముఖ్యమైన మాట ఇంకొకటి. పూర్తి కాగితాలు లేకుండ తెరిచిన "చిన్న ఖాతా" అయితే, గుర్తింపు పత్రాలతోని కేవైసీ పూర్తయ్యేదాక బయటి దేశం డబ్బు అందులో జమ చేయరు. స్కాలర్‌షిప్ కోసం తెరిచిన మీ ఖాతా ఏ రకమో ముందే అడగండి. ఏజెన్సీల ఉన్న చాలా బ్రాంచీలకు సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు. ఐఎఫ్ఎస్‌సీ ఇస్తే పని కాదు. ఆ బ్యాంకు విదేశీ లావాదేవీలు చూసే బ్రాంచి స్విఫ్ట్ కోడ్, మన ఖాతా నంబరు రెండూ ఇయ్యాలె.

డబ్బు వచ్చినంక ఇది దేనికని బ్యాంకు అడుగుతది. మాది డేటా పని కాబట్టి P0803 కోడ్ రాసి, బిల్లు కాపీ జత చేసినం. జమ అయినంక ఎఫ్ఐఆర్ఏ అనే కాగితం అడిగి తీసుకున్నం, డబ్బు బయటి దేశం నుంచి వచ్చిందని రుజువు అదే. ఎస్టీలకు ఇన్‌కంట్యాక్స్ లేదని కొందరు అంటరు. ఆ మినహాయింపు ఈశాన్య రాష్ట్రాలు, లడాఖ్ లాంటి చోట్ల ఉన్నోళ్లకే, మన దగ్గర వర్తించదు. డబ్బు ముగ్గురిదైనా పడేది ఒకరి ఖాతాలనే. అందుకే ఎవరి వాటా ఎంతో నోటుబుక్కుల రాసి, ముగ్గురం సంతకాలు పెట్టి, వాటాలు యూపీఐలనే పంపుకుంటున్నం.