దప్పిక అడగని వయసు

నంద్యాల,
ఎండాకాలం.



ఏప్రిల్ నడిమధ్యకు వచ్చేసరికి రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతల జాబితాలో మన నంద్యాల పేరు పైవరసకు చేరుతుంది. ఎండలో తిరిగేవాళ్ళకు అందరూ జాగ్రత్తలు చెబుతున్నారు. నేను ఈసారి ఇంట్లో నీడపట్టునే ఉండే పెద్దవాళ్ళ గురించి రాస్తున్నాను. దానికి కారణం ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక ఉత్తరం.

"మా అత్తమ్మ గడప దాటదు. రోజంతా ఫ్యాను కిందే. అయినా పోయిన వేసవిలో నీరసించి పడిపోతే సెలైన్ ఎక్కించుకొచ్చాం. ఒంట్లో నీళ్ళు లేవన్నారు. నీళ్ళు తాగమంటే దప్పిక లేదమ్మా అంటుంది. ఇంత ఎండలో దప్పిక లేకపోవడమేంటి? మొండితనమా?" అని ఆ కోడలు అడిగింది.

మొండితనం కాదమ్మా. ఆమె చెప్పేది నిజం. ఆమెకు నిజంగానే దప్పిక కావడం లేదు.

ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఉప్పు చిక్కబడుతుంది. ఆ చిక్కదనాన్ని పసిగట్టే కణాలు మెదడు అడుగున హైపోథలమస్ దగ్గర ఉంటాయి. అవి హెచ్చరిస్తేనే మనకు నోరెండుతున్నట్టు, చెంబు వెతుక్కోవాలన్నట్టు అనిపిస్తుంది. వయసు పైబడేకొద్దీ ఆ హెచ్చరిక ఆలస్యంగా, నెమ్మదిగా వస్తుంది. 1984లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో దీని గురించి ఒక చిన్న ప్రయోగం అచ్చయింది. 67 నుంచి 75 ఏళ్ళ మధ్య ఉన్న ఏడుగురు ఆరోగ్యవంతులైన మగవాళ్ళను, మరో ఏడుగురు కుర్రవాళ్ళను ఇరవై నాలుగు గంటలు నీళ్ళు లేకుండా ఉంచారు. పెద్దవాళ్ళ రక్తం కుర్రవాళ్ళ రక్తం కంటే ఎక్కువ చిక్కబడింది. దప్పిక మాత్రం వాళ్ళకే తక్కువ. ముందర నీళ్ళు పెట్టి తాగమన్నాక కూడా వాళ్ళు తక్కువే తాగారు. వాళ్ళలో రోగిష్టివాళ్ళెవరూ లేరన్నది గుర్తుంచుకోండి.

దీనికి తోడు మూత్రపిండాలు కూడా మునుపటిలా నీటిని పట్టి ఉంచలేవు. తాగింది తక్కువైనా పోయేది అంతగా తగ్గదు. అసలు నిల్వే తక్కువ. యువకుడి బరువులో దాదాపు అరవై శాతం నీరైతే, డెబ్బై దాటిన మనిషిలో అది యాభై శాతానికి దగ్గరగా ఉంటుంది. బీపీకో కాళ్ళవాపుకో వాడే మూత్రం మాత్ర కూడా ఉంటే, నీడలో కూర్చున్న మనిషి కూడా రెండు మూడు రోజుల్లో ఎండిపోవచ్చు.

ఇది ఒక సగం. రెండో సగం గురించి మన ఇళ్ళల్లో ఎవరూ నోరు విప్పరు. పెద్దవాళ్ళు చాలామంది కావాలనే నీళ్ళు మానుకుంటారు. మరుగుదొడ్డి పెరటి చివర ఉంటుంది. మోకాళ్ళు లేవనివ్వవు. రాత్రి రెండుసార్లు లేస్తే కోడలినో కొడుకునో లేపాలి. దగ్గినా తుమ్మినా చుక్క జారుతుందని ఆడవాళ్ళ భయం. ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్ళది ఇంకో అవస్థ. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల ఆసుపత్రికి వచ్చే పెద్దమ్మను అడిగి చూడండి. సిరివెళ్ళ మీదుగా నలభై కిలోమీటర్ల బస్సు, తర్వాత ఓపీ వరుస, మధ్యలో ఎక్కడికి పోవాలో తెలియదు. అందుకని ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు తగ్గించేస్తుంది. అలా ఎండిపోయి వచ్చి వైద్యుడి ముందు కూర్చుంటుంది. ఇది తెలియకుండా "నీళ్ళు తాగవేం?" అని గదమాయిస్తే ఆమె ఏం చెబుతుంది? దప్పిక లేదనే చెబుతుంది.

కాబట్టి నా మాట ఇది. నీళ్ళకంటే ముందు దారి చూడండి. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రంతా ఒక చిన్న లైటు, పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ, వీలైతే కుర్చీలాంటి కమోడ్ ఉండాలి. అవి లేకుండా ఎన్ని గ్లాసులు పెట్టినా ఆమె తాగదు.

ఇక ఎంత తాగాలి? పెద్దల పోషణ మీద యూరప్ వైద్యనిపుణుల సంఘం ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం ఆడవాళ్ళకు రోజుకు కనీసం 1.6 లీటర్లు, మగవాళ్ళకు 2 లీటర్ల పానీయాలు అందించాలి. అది అక్కడి మామూలు రోజుల లెక్క. మన మే నెలకు అంతకంటే ఎక్కువే కావాలి. టీ, కాఫీ, పాలు, మజ్జిగ అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. టీ తాగితే ఉన్న నీరూ పోతుందన్న భయం అక్కర్లేదు.

ఒక పెద్దమ్మ రోజును లెక్కేద్దాం. పొద్దున ఒక కప్పు టీ, 100 మిల్లీలీటర్లు. మాత్రలు మింగడానికి రెండు గుక్కలు, 50. మధ్యాహ్నం అన్నంలో ఒక గ్లాసు, 200. నాలుగింటికి టీ, 100. రాత్రి భోజనంలో అర గ్లాసు, మాత్రలతో రెండు గుక్కలు, కలిపి 150. మొత్తం 600. చూసేవాళ్ళకు ఆమె రోజంతా ఏదో ఒకటి తాగుతూనే ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఒక లీటరు తక్కువ.

ఆ లీటరును పగటిలోనే సర్దాలి. లేవగానే టీకి ముందు ఒక గ్లాసు నీళ్ళు. పొద్దుటి మాత్రలు రెండు గుక్కలతో కాకుండా నిండు గ్లాసుతో మింగించండి. అక్కడే 150 కలిసొస్తుంది, ఎవరికీ కష్టం అనిపించదు. పదిన్నరకు ఒక గ్లాసు పలచటి మజ్జిగ, రెండింటికి ఇంకో గ్లాసు, నాలుగింటి టీ తర్వాత ఒక గ్లాసు నీళ్ళు, ఆరింటికి అర గ్లాసు. ఇప్పుడు లెక్క 1,650కి చేరింది. చీకటి పడ్డాక ఆమె ఎప్పుడూ తాగేదే తాగుతుంది, ఒక్క గుక్క కూడా పెంచలేదు. రాత్రి లేవాల్సి వస్తుందన్న భయానికి ఇదే జవాబు. మూత్రం మాత్ర సాయంత్రం వేసుకుంటుంటే, దాన్ని పొద్దుటికి మార్చవచ్చా అని వైద్యుణ్ణి అడగండి. మీరుగా మార్చకండి.

ఇచ్చే తీరు కూడా ముఖ్యమే. "నీళ్ళు కావాలా అవ్వా?" అంటే వద్దనే అంటుంది. అడగకుండా గ్లాసు చేతికిచ్చి, పక్కన కూర్చుని, మీరూ ఒకటి తాగండి. లీటరు సీసా ముందు పెడితే చూసి భయపడతారు. చేతులు వణికేవాళ్ళకు నిండు స్టీలు గ్లాసు బరువు. పిడి ఉన్న తేలిక కప్పులో ముక్కాలు భాగమే పోసి రెండుసార్లు ఇవ్వండి. ఎవరు ఏ గ్లాసు ఇస్తారో ఇంట్లో ముందే అనుకోవాలి. బడి నుంచి వచ్చిన మనవరాలిది నాలుగింటి గ్లాసు అనుకుంటే ఆ గ్లాసు తప్పదు.

నీళ్ళు సహించనివాళ్ళకు తిండిలోనే తడి పెంచవచ్చు. జొన్నరొట్టె పొడిగా పెట్టే బదులు మజ్జిగలోనో పలచటి పప్పులోనో నానబెట్టి పెట్టండి. పళ్ళు లేనివాళ్ళకు అదే సుఖం. రాగి అంబలి, పుచ్చకాయ, దోసకాయ, ముంజలు, ఇవన్నీ నీళ్ళే. నన్నారి షర్బత్ మన ప్రాంతంలో ఎవరూ కాదనరు, కానీ దాంట్లో చక్కెర చాలా ఎక్కువ. షుగరు ఉన్నవాళ్ళకు వద్దు. బీపీ ఉన్నవాళ్ళ మజ్జిగలో ఉప్పు వేయకండి.

ఓఆర్‌ఎస్ రోజూ తాగే పానీయం కాదు. వాంతులు, విరేచనాలు అయినప్పుడు, బాగా చెమట పోసినప్పుడు వాడేది. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, మర్నాటికి ఉంచకూడదు. కొంచెం కొంచెం పొడి గ్లాసులో వేస్తే ఉప్పు పాళ్ళు తప్పుతాయి. దుకాణాల్లో ఆ పేరుతో అమ్మిన తియ్యటి అట్టపెట్టె పానీయాల మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాలకు ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. డబ్బా మీద ఆ సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసి కొనండి.

నీరు తగ్గిందని ఎలా తెలుస్తుంది? చేతి మీది చర్మం పట్టి లాగి చూసే పద్ధతి పెద్దవాళ్ళలో పనికిరాదు. ముడతల చర్మం ఎలాగూ వెంటనే వెనక్కి పోదు. నోరెండడం, మూత్రం రంగు కూడా ఈ వయసులో నమ్మదగ్గ గుర్తులు కావు, మందుల వల్ల కూడా అవి మారతాయి. నేను మూడింటిని చూడమంటాను. మొదటిది బరువు. రెండు రోజుల్లో కిలో తగ్గితే అది కొవ్వు కాదు, దాదాపు ఒక లీటరు నీరు. రెండోది, మంచం మీంచి లేవగానే తూలడం. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, మనిషి మారిపోవడం. నిన్నటిదాకా అందరినీ పేరుపేరునా పిలిచిన జేజి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడినా, పగలంతా మత్తుగా పడుకున్నా వయసు మీద పడిందని సరిపెట్టుకోకండి. నీరు తగ్గడం కావచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, పక్షవాతమైనా కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళి సోడియం, యూరియా, క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. మత్తులో ఉన్న మనిషి నోట్లో నీళ్ళు మాత్రం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108కి ఫోన్ చేయండి. ఒళ్ళు కాలిపోతుంటే బండి వచ్చేలోగా నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ విసరండి.

ఇంకో మాట చెప్పకుండా ఉత్తరం ముగించలేను. నేను రాసిన లెక్క అందరికీ కాదు. గుండె బలహీనపడి కాళ్ళు ఉబ్బేవాళ్ళకు, డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు నీటికి పైహద్దు ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకు కొబ్బరినీళ్ళలోని పొటాషియం ప్రమాదం. కొన్ని బీపీ మాత్రలు వాడేవాళ్ళు ఉత్త నీళ్ళే విపరీతంగా తాగితే సోడియం పడిపోయి మతి తప్పుతుంది. ఈసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు "బాగా నీళ్ళు తాగించండి" అన్న మాటతో లేచి రాకండి. రోజుకు ఎన్ని గ్లాసులు, ఎండ ముదిరితే ఎన్ని పెంచాలి, వాంతులైన రోజున ఏ మాత్ర ఆపాలి, ఈ మూడూ చీటీ మీద రాయించుకుని నీళ్ళ బిందె పైన గోడకు అంటించండి.

ఆ కోడలు మళ్ళీ రాస్తే, ఆమె అత్తమ్మకు వైద్యుడు ఎన్ని గ్లాసులు రాశారో వచ్చే ఉత్తరంలో చెబుతాను.

ఉంటాను.