ఎర్ర పెన్ను లేని ఇస్లాహ్

ఉర్దూలో వ్యాసాన్ని మజ్మూన్ అంటాం. షాగిర్ద్ రాసిన దాన్ని ఉస్తాద్ సరిదిద్దడం ఇస్లాహ్. గాలిబ్ తన షాగిర్ద్ తఫ్తాకి ఖత్‌లలోనే ఇస్లాహ్ పంపేవాడు. మాట మార్చి ఊరుకోకుండా, ఎందుకు మార్చాలో కూడా రాసేవాడు. ఆగిరిపల్లిలో ఇంటర్ పిల్లలకి వ్యాసం చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు కావాల్సింది ఆ 'ఎందుకు' అనేదే. అరవై మందికి నేనొక్కడినే ఇస్లాహ్ చేయలేను. వాళ్లు ఒకరిదొకరు చూసుకోవాలి. అయితే నోట్‌బుక్కులు మార్చుకోమంటే "బావుంది" అని రాసి ఇచ్చేస్తారు. ఏం చూడాలో ముందు తెలియాలి కదా! అందుకే పాఠాన్ని చివర్నించి వెనక్కి అల్లుకున్నాను. మూడు పీరియడ్లు, ఒక్క పేరా. పూర్తి వ్యాసం జోలికి పోలేదు.

విషయం మా మామిడి తోటలదే: 'తోటని పూత మీద అమ్మేయడం మేలా, కాయ కోసి నున్న మార్కెట్‌కి తోలడం మేలా?' ఇందులో రెండు వైపులా దలీల్ ఉంది, గైడులో జవాబు లేదు.

మొదటి పీరియడ్‌లో సగం నాది. సిద్ధంగా ఉన్న పేరా చదివి వినిపించను. బోర్డు మీద రాస్తూ, నా తలలో నడిచేదంతా పైకి మాట్లాడతాను. "పండ్లలో రారాజు మామిడి" అని రాశాను. "ఈ వాక్యం మామిడి మీద ఏ వ్యాసంలోనైనా సరిపోతుంది, మతలబ్, ఈ వ్యాసానికి పనికిరాదు" అంటూ చెరిపేశాను. తర్వాత, "పూత మీద అమ్మడం చిన్న రైతుకి అవసరమే గానీ లాభం కాదు" అని రాశాను. ఇది దావా. దాని కింద దలీల్: పూత నాటికే చేతికి డబ్బొస్తుంది, కానీ కాయని ఎవరూ చూడకముందే ధర ఖాయమైపోతుంది. పన్నెండు నిమిషాలు పిల్లలు చూస్తారంతే. ఆ తర్వాత నా సవాల్ ఒకటే: మొదటి వాక్యం ఎందుకు చెరిపాను?

మిగతా సగం అందరిదీ. రెండో వైపు పేరా వాళ్లు చెప్తారు, సుద్దముక్క నా చేతిలో ఉంటుంది. ఇక్కడ వచ్చే చిక్కు, ముందు బెంచీలో ఇద్దరు హుషారుగాళ్లు మొత్తం చెప్పేస్తారు. అందుకే ముందు అందరూ ఒక నిమిషం నోట్‌బుక్కులో తలా ఒక వాక్యం రాయాలి, ఆనక వెనక బెంచీ నించి అడుగుతాను. రెండు వాక్యాలు తీసుకుని, ఏది నిలబడుతుందో, ఎందుకో వాళ్లనే తేల్చమంటాను. చివర్లో బోర్డు మీద నా మాటలే ఎక్కువ కనపడితే, అది కలిసి రాసింది కాదు, నేను డిక్టేషన్ చెప్పినట్టే.

రెండో పీరియడ్‌లో ఎవరి పేరా వాళ్లు రాస్తారు. షరతు ఒకటే: ఉదాహరణ తమ ఇంట్లోదో, తమ వీధిలోదో అయి ఉండాలి. అప్పుడు బోర్డు మీదది ఎక్కించడం కుదరదు.

మూడో పీరియడ్ ఇస్లాహ్. పెన్సిలే వాడాలి. అక్షర దోషాల జోలికి పోకూడదు, ఎందుకంటే వాటిని దిద్దడం మొదలుపెడితే దలీల్ ఎవరూ చూడరు. పనులు మూడు. దావా వాక్యం కింద గీత గీయాలి. దొరక్కపోతే "దొరకలేదు" అని రాయాలి, అదే పెద్ద ఖబర్. దలీల్ పక్కన ఒక ప్రశ్న వేయాలి. ఎక్కడ ఏం చేరిస్తే బాగుంటుందో ఒక్క మాట చెప్పాలి. నేను బోర్డు మీద నన్ను నేను అడుక్కున్నవీ ఇవే.

తోట ఉన్న రైతు కూతురు ఒకమ్మాయి రాసింది: "దళారులు రైతుల్ని మోసం చేస్తున్నారు. ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి." ఆ నోట్‌బుక్కు వెళ్లింది ఆమె సహేలీకి. ఆ పిల్ల అబ్బా తోటలు పట్టే బేపారి. పిల్ల ముఖం మాడింది గానీ, పెన్సిల్‌తో ఇంతే రాసింది: "పూత రాలిపోతే నష్టం ఎవరిది?"

చివరి పదిహేను నిమిషాలు తిరగరాయడానికే ఉంచాను. ఆ సమయం ఇవ్వకపోతే పెన్సిల్ రాతలన్నీ ఫిజూలే. సలహా తీసుకోవాలో వద్దో రాసినవాళ్ల హక్. ఆ అమ్మాయి ఇలా మార్చింది: "పూత మీద కొన్నవాడు మంచుకీ గాలివానకీ భయపడి ధర తగ్గిస్తాడు. ఆ భయం నిజమే. కానీ ఫసల్ బాగా వచ్చిన ఏడు మిగిలిన లాభంలో మా నాన్నకి వాటా లేదు." మోసం అన్న మాట పోయింది. దాని చోట ఒక లెక్క వచ్చింది. ఆ రెండో పేరాని సహేలీ మళ్లీ చదివి, పెన్సిల్ తీసుకుని, ఈసారి గీత మాత్రమే గీసింది.

ఇది అందరికీ కుదరలేదు. వాక్యమే కష్టమైన పిల్లలకి తోటివాళ్ల ప్రశ్న సరిపోదు, వాళ్ల పక్కన నేనే కూర్చోవాలి. అరవై నోట్‌బుక్కులు చూడలేను గనక ఓ పది తీసుకుని మొదటి పేరా, రెండో పేరా పక్కపక్కన పెడతాను. చేతిరాత మాత్రమే మెరుగుపడి, దలీల్ అక్కడే ఉందంటే ఆ జంట పిల్లలకి ఇంకా ఏం చూడాలో తెలియలేదన్నమాట. మర్నాడు మళ్లీ సుద్దముక్క పట్టుకుంటాను.