‘బాగా రాసిపెట్టండి’ అంటే చాలదు

కొలతలివ్వకుండా టైలరుకి జాకెట్టు గుడ్డ ఇచ్చి, “బాగా కుట్టు బాబూ” అని వచ్చేసేవాళ్లు ఎవరైనా ఉంటారా? ఒక ఉత్తరం విషయంలో నేను అచ్చం ఆ పనే చేశాను.

పోయినేడు వేసవిలో మావారు స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. మూడు నెలలు షాపు మూత. సరిగ్గా అప్పుడే అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఫీజు 24,000 కట్టాల్సి వచ్చింది. వాయిదాల్లో కడతామని కాలేజీకి రాద్దామనుకుని కూర్చుంటే, నా గోడంతా కలిసి నాలుగు పేజీలైంది. పక్కింటి తెలుగు మాస్టారికిచ్చి, “కాస్త బాగా రాసిపెట్టండి మాస్టారూ” అన్నాను.

పాపం, ఆయన బాగానే రాశారు. “విద్యాదాతలైన తమ దివ్యసముఖమునకు” అంటూ రెండు పేజీలు! “కొంచెం చిన్నది చేయండి” అన్నాను. ఈసారి ఆరు లైన్లొచ్చింది, కానీ వాయిదాల తేదీలు ఎగిరిపోయాయి. “వివరాలుండాలి కదండీ” అన్నాను. వివరాలతోపాటు “మా దీనస్థితిని కరుణించి” అన్న మాటా వచ్చింది. అది చదివి మావారి మొహం చిన్నబోయింది. “మనం ఫీజు ఎగ్గొడుతున్నామా? ముష్టడుగుతున్నట్టుందే” అన్నారు.

నాలుగోసారి ఆయన గుమ్మం ఎక్కడానికి సిగ్గేసింది. మాస్టారు విసుక్కోలేదు. కళ్లజోడు తీసి, “తప్పు నాదీ కాదు, నీదీ కాదమ్మా. నువ్వు అడిగిందేమిటో నాకు తెలియలేదు. నాలుగు సంగతులు చెప్పు” అన్నారు.

మొదటిది, ఇది ఎవరు చదువుతారు? ప్రిన్సిపాల్ గారని అన్నాను. అమ్మాయి అడ్డొచ్చి, “కాదమ్మా, ముందు అకౌంట్స్ మేడమ్ చూస్తారు. ఆవిడ చూసి పెడితేనే సార్ సంతకం చేస్తారు” అంది. అంటే ఆవిడకి కావలసినవి పేరు, గ్రూపు, రోల్ నంబరు, ఎంత బాకీ అన్నవి. అవి మొదటి రెండు లైన్లలోనే ఉండాలి.

రెండోది, చదివాక వాళ్లు ఏం చేయాలి? నేను “మా పరిస్థితి అర్థం చేసుకోవాలి” అన్నాను. మాస్టారు తల అడ్డంగా ఊపారు. “అర్థం చేసుకుని ఊరుకుంటే నీకేం లాభం? చేతికి పని చెప్పు” అన్నారు. ఆలోచిస్తే తేలింది, ‘మూడు వాయిదాలకు అనుమతి’ అని కిందే రాసి సంతకం పెట్టాలి. కానీ రెండు వాయిదాలా, మూడా అని మావారూ నేనూ అసలు తేల్చుకోనేలేదు! ఇంటికెళ్లి లెక్క చూసుకొచ్చాను. జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో 10వ తేదీకల్లా 8,000 చొప్పున.

మూడోది, ఏ స్వరంలో ఉండాలి? “మర్యాదగా” అన్నాను. “దివ్యసముఖమూ మర్యాదేనమ్మా” అని నవ్వారు. ఏ మాట బాగుంది, ఏ మాట వద్దో ఒక్కొక్కటి చూపించమన్నారు. ‘వాయిదాల్లో కట్టడానికి అనుమతి ఇవ్వగలరు’ కావాలి, ‘కరుణించి’ వద్దు. ప్రమాదం సంగతి ఒక్క వాక్యం చాలు.

నాలుగోది, ఎంత పొడవు? ‘చిన్నది’ అన్నది కొలత కాదు. అది నాకు ఒక పేజీ, ఆయనకి ఆరు లైన్లు. ఒకే వైపు, పన్నెండు లైన్లు దాటకుండా, కింద సంతకానికి జాగా ఉండేలా అని తేల్చాం.

ఈ నాలుగూ ఒక చీటీ మీద రాశాను. అయిదో లైనుగా నేనే ఒకటి చేర్చాను: ‘రోల్ నంబరు, డబ్బు, తేదీలు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి.’ రెండోసారి కుదించినప్పుడు జారిపోయినవి తేదీలే కదా.

సాయంత్రానికి పదకొండు లైన్లలో ఉత్తరం వచ్చింది. మార్చింది ఒక్క మాటే. ‘అనారోగ్యం’ అని ఉన్నచోట ‘స్కూటర్ ప్రమాదం’ అని పెట్టించాను. అలాంటి మాట మార్పు ఎంత చీటీ రాసినా ఒకసారి తప్పదు. అలా కాక, పొడవో ధోరణో బాగాలేదని మళ్లీ తిప్పి పంపాల్సి వచ్చిందంటే, లోపం రాసినవాళ్లది కాదు, మన చీటీది. ఇక రెండో లైను దగ్గరే కలం ఆగిపోయిందా, మనకేం కావాలో మనమే ఇంకా తేల్చుకోలేదన్నమాట. అప్పుడు ఎవరి గుమ్మమూ ఎక్కకపోవడమే మంచిది.

అకౌంట్స్ మేడమ్ మర్నాడే సంతకం పెట్టించి ఇచ్చారు. కాయితం తీసుకొచ్చి మావారి చేతిలో పెడితే రెండుసార్లు చదివి, “ఇది మనం రాసినట్టే ఉందే” అన్నారు. మాస్టారి కష్టానికి అంతకు మించిన మెప్పు లేదనిపించింది. ఆ పూట వాళ్లింటికి గిన్నెడు పాయసం పంపాను.