మూడు వేలు పెట్టి మెంబ్రేన్ మార్చే ముందు ఒక లోటా, ఒక గడియారం

చాలా రోజుల తర్వాత రాస్తున్నం. ఇది పోయిన శుక్రవారం మా రూములో జరిగిన ముచ్చట. ఇంటికాడ ఆర్వో మిషన్ ఉన్నోళ్లు కొంచెం ఓపికగా చదవండి.

మేము నలుగురం. అల్ ఐన్ చుట్టుపక్కల ఖర్జూరం తోటల్లో బోరు నీళ్లను మంచిగా చేసే ఆర్వో ప్లాంట్లకు సర్వీసు చేస్తం. మాలో చిన్నోడిది నల్లగొండ జిల్లా. వాళ్ల ఇల్లు ఊరికి దూరంగా పొలం కాడ ఉంటది, బోరే ఆధారం. ఆ బోరు నీళ్లు తాగే వాళ్ల నాయిన నడుము వంగిపోయింది. ఫ్లోరైడ్ అంటే ఏందో ఆ ఇంటికి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే చిన్నోడు ఇక్కడి మొదటి జీతాలతో ఇంట్లో ఆర్వో మిషన్ పెట్టించిండు.

శుక్రవారం పొద్దున వాళ్లమ్మ వీడియో కాల్ చేసింది. "బిడ్డా, నీళ్లు ఉప్పగొడుతున్నయి. బిందె నిండనీకి పొద్దంతా పడుతుంది. మిషనాయన వచ్చి మీటరు పెట్టి చూసిండు. అరవై ఉండేది నూట డెబ్భై అయిందట. మెంబ్రేన్ పోయింది, మూడు వేలు అయితది అన్నడు" అన్నది. ఇంట్లో రెండేళ్ల మనుమరాలు ఉంది. చిన్నోడు వెంటనే పైసలు పంపబోయిండు. మేమే ఆగమన్నం.

ఇక్కడ పనిలో చేరిన మొదటి రోజు మాకు నేర్పింది ఒకటే. ప్రెషర్ గేజీ చూడకుండా మెంబ్రేన్ మీద చెయ్యి వెయ్యొద్దు. ఎందుకంటే మెంబ్రేన్‌లోంచి రెండు వేర్వేరుగా దాటుతయి. నీళ్లు దాటాలంటే ఒత్తిడి కావాలె. ఒత్తిడి తగ్గితే నీళ్లు తగ్గుతయి. ఉప్పుకు మాత్రం ఒత్తిడితో పెద్దగా పని లేదు, నిమిషానికి ఇంత అని కొంచెం కొంచెం దాటుతనే ఉంటది. అంటే ఒత్తిడి పడిపోతే అదే ఉప్పు తక్కువ నీళ్లల్ల కలుస్తది. మీటరులో అంకె పెరుగుతది. మెంబ్రేన్ మాత్రం బాగానే ఉంటది.

ఇంటి మిషన్‌కు గేజీ ఉండదు. కానీ లోటా, గడియారం ఉంటయి కదా. పోయినేడు సెలవుకు పోయినప్పుడు చిన్నోడు మిషన్ మూత లోపల మూడు లెక్కలు రాసి వచ్చిండు. మంచి నీళ్లు నిమిషానికి 200 మిల్లీలీటర్లు. బయటికి పోయే నీళ్లు 600. టీడీఎస్ బోరుది 800, మంచి నీళ్లది 60. ఇప్పుడు వాళ్ల తమ్మునితో మళ్లీ కొలిపించినం. మిషన్ పది నిమిషాలు నడిచినాకనే కొలవమన్నం. ఆగిన మిషన్‌లో ఉప్పు మెల్లగా అవతలికి చేరుతది కాబట్టి మొదట వచ్చే నీళ్లు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తయి.

వచ్చిన లెక్క ఇది: మంచి నీళ్లు 70, బయటికి పోయేవి 300, టీడీఎస్ 170. బోరుది అదే 800.

కాగితం మీద వేసి చూసినం. అప్పుడు నిమిషానికి 200 మిల్లీలీటర్లల్ల, లీటరుకు 60 మిల్లీగ్రాముల చొప్పున, దాటిన ఉప్పు 12 మిల్లీగ్రాములు. ఇప్పుడు 70 మిల్లీలీటర్లల్ల, లీటరుకు 170 చొప్పున, దాదాపు 12 మిల్లీగ్రాములే. ఉప్పు పెరగలే, నీళ్లు తగ్గినయి. మెంబ్రేన్ చినిగినా, దాని రబ్బరు రింగు జారినా ఉప్పు పెరిగేది, నీళ్లు మాత్రం ఇంతగా తగ్గేవి కావు.

"అన్నా, మరి మెంబ్రేన్‌కు సున్నం పట్టినా నీళ్లు తగ్గుతయి కదా?" అని చిన్నోడు అడిగిండు. మంచి ప్రశ్నే. దానికి జవాబు బయటికి పోయే నీళ్లల్ల ఉంది. ఆ పైపులో సన్నటి రంధ్రం ఉన్న చిన్న ముక్క ఒకటి ఉంటది. ఒత్తిడిని మెంబ్రేన్ దగ్గర ఆపి ఉంచేది అదే. లోపల ఒత్తిడి ఉంటే ఆ రంధ్రంలోంచి నీళ్లు జోరుగా పోతయి. సున్నం పట్టిన మెంబ్రేన్ అయితే మంచి నీళ్లు తగ్గినా బయటి నీళ్లు 600 దగ్గరే ఉండాలె. ఇక్కడ రెండూ పడిపోయినయి. అంటే పంపు దగ్గర్నే ఒత్తిడి లేదు.

పంపు కన్నా ముందు ఉండే దారం ఫిల్టరు విప్పమన్నం. తమ్ముడు కెమెరా ముందు పెట్టిండు. తెల్లగా ఉండాల్సింది ఎర్రమట్టి ముద్దలా ఉంది. పంపుకు నీళ్లే అందుతలేవు, ఇంక ఒత్తిడి ఎట్ల ఇస్తది? మూడు వందల లోపల కొత్తది తెచ్చి వేసిండు. సాయంత్రం లెక్క: మంచి నీళ్లు 190, బయటివి 590, టీడీఎస్ 62.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కాల్ పెట్టేసే ముందు అమ్మ మురిసిపోతూ "బయటికి పోయే నీళ్లు కూడా వేస్టు చేస్తలేం బిడ్డా, బర్రెల కుండీలకే పోనిస్తున్నం" అన్నది. మేము ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.

ఆ బోరు నీళ్లను చిన్నోడు ముందే జిల్లా నీటి పరీక్షల ల్యాబులో చూపించిండు. లీటరుకు 2.8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. మన దేశ ప్రమాణంలో 1 వరకు మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాటొద్దు. మిషన్‌లోంచి వచ్చిన నీళ్లల్ల 0.3 వచ్చింది. మరి మిగిలింది ఎటు పోయింది? ఎక్కడికీ పోలే, బయటి పైపులోకే పోయింది. నాలుగు లీటర్లు లోపలికి పోతే ఒక లీటరు మంచిది, మూడు లీటర్లు బయటికి. నాలుగు లీటర్ల ఫ్లోరైడ్ 11.2 మిల్లీగ్రాములు. దాంట్లో 0.3 తీసి మూడుతో భాగిస్తే లీటరుకు 3.6. బోరు నీళ్ల కన్నా అవి ఎక్కువ చెడ్డవి. పశువులకు కూడా ఎముకలు, పండ్లు దెబ్బతింటయి. ఆ నీళ్లు బోళ్లు తోమనీకి, ఇల్లు కడగనీకి, లెట్రినుకు వాడుకోండి. తాగనీకి, వండనీకి, కుండీలకు వద్దు.

టీడీఎస్ మీటరును ఎక్కువ నమ్మేటోళ్లకు ఇంకొక మాట. అది నీళ్లల్ల కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు ఇంత ఉండొచ్చని లెక్క కట్టి చెప్తది. ఏ ఉప్పో చెప్పదు. ఆ బోరు నీళ్లల్లకెళ్లి ఒక్క ఫ్లోరైడే మొత్తం తీసేసినా 800 అంకె 797 అయితది, అంతే. క్రిములైతే దానికి అసలే కనపడవు. మనూర్ల 150 చూపించిన నీళ్లల్ల కూడా ఫ్లోరైడ్ ఉండొచ్చు, 700 చూపించినయి తాగనీకి పనికి రావొచ్చు. ముందూ వెనకా కొలిచి మిషన్ ఎట్ల పని చేస్తుందో చూడనీకి మీటరు అక్కరకొస్తది. ఫ్లోరైడ్ సంగతి మాత్రం ల్యాబే చెప్పాలె.

ఈసారి సెలవుకు పోయినప్పుడు మిషన్ మూత లోపల ఆ మూడు లెక్కలు మీరు కూడా రాసి రండి. కొత్త మిషన్ అయితే మొదటి వారంలనే రాయండి. నిన్న చిన్నోడి తమ్ముడు ఫోటో పంపిండు. బయటి పైపు ఇప్పుడు కుండీల లేదు, బాత్రూము గోడ వెనక్కి పోయింది. బర్రెలకు ఊర్ల నుంచి భగీరథ నీళ్లు డ్రమ్ములల్ల తెస్తున్నరట. దూరమే, కానీ తెస్తున్నరు.