నలభై గంటల పాఠాలు, 432 ఎంబీల్లో

మా చెల్లి గ్రూప్-2కి ప్రిపేర్ అవుతోంది. ఉద్యోగానికి రోజూ బస్సులో రానూపోనూ మూడు గంటలు. తనకి చదువుకోవడానికి మిగిలే టైమ్ దాదాపు అదే. కోచింగ్ వాళ్లు డౌన్‌లోడ్ చేసుకోమని ఇచ్చిన హిస్టరీ వీడియోలు నలభై. ఒక్కోటి గంట, సుమారు 350 ఎంబీ. అంటే 14 జీబీ. ఫోన్‌లో ఖాళీ 2 జీబీ కూడా లేదు. పైగా రద్దీ బస్సులో నిలబడి స్క్రీన్ ఎలా చూస్తారు? "అన్నయ్యా, సార్ గొంతు వినిపిస్తే చాలు" అంది.

ఇలాంటి పనికి ల్యాప్‌టాప్‌లో ffmpeg అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంటే చాలు. బొమ్మ తీసేసి, ఆడియోని ఉన్నదున్నట్టు బయటికి తీయడం సెకన్లలో అయిపోతుంది:

```
ffmpeg -i 01.mp4 -vn -c:a copy 01.m4a
```

క్వాలిటీ ఏమాత్రం తగ్గదు. కానీ ఆ వీడియోల్లో ఆడియో సెకనుకు 128 కిలోబిట్లు. గంటకి దాదాపు 58 ఎంబీ, నలభైకి 2.3 జీబీ. అదీ పట్టదు!

అసలు అంత అవసరం లేదు. 128 అనేది పాటలకి సరిపోయే లెక్క. ఇక్కడ ఉన్నది ఒక్క మనిషి గొంతు. దానికి రెండు చానెళ్లు అక్కర్లేదు, మోనో చాలు. ఓపస్ అనే కోడెక్ 24 కిలోబిట్లకే మాటని స్పష్టంగా పలికిస్తుంది. 24 వేల బిట్లంటే సెకనుకు 3 వేల బైట్లు. గంటకి 3,600 సెకన్లు కాబట్టి 10.8 ఎంబీ. నలభైకి 432 ఎంబీ.

```
ffmpeg -i 01.mp4 -vn -ac 1 -c:a libopus -b:a 24k 01.ogg
```

చివర `.opus` బదులు `.ogg` అని పెట్టడానికి కారణం ఉంది. ఓపస్ ఆండ్రాయిడ్ 5 నుంచీ పలుకుతుంది గానీ, పాత ఫోన్లు `.opus` పేరున్న ఫైల్‌ని గుర్తుపట్టకపోవచ్చు.

ఒక్కటి చేసి, ఇయర్‌ఫోన్స్‌తో విని, తర్వాతే మిగతావి చేయాలి. చెల్లి ఇచ్చిన వాటిలో ఐదో పాఠం మిగతా వాటికన్నా మెల్లగా వినిపించింది. అసలు వీడియో పెట్టి చూస్తే కుడి చెవిలో నిశ్శబ్దం. మైక్ ఎడమ చానెల్‌లోనే రికార్డయింది. మోనో చేసేటప్పుడు ఆ గొంతుని ఖాళీ చానెల్‌తో కలపడంతో బలం తగ్గింది. `-ac 1` తీసేసి, ఎడమ చానెల్ ఒక్కటే తీసుకోమంటే సరిపోయింది:

```
-af "pan=mono|c0=FL"
```

ఇక ఏ కమాండూ తీర్చలేని ఇబ్బంది ఒకటుంది. శాతవాహనుల పాఠంలో సార్ మ్యాప్ మీద వేలు పెట్టి "ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా" అంటారు. బస్సులో వినేవాళ్లకి అది ఎక్కడో తెలీదు. అలాంటి చోటు రాగానే చెల్లి ఫోన్‌లో నిమిషం నోట్ చేసుకుంటుంది. ఆదివారం ల్యాప్‌టాప్‌లో ఆ నిమిషాలే చూస్తుంది. అందుకే అసలు వీడియోలు డిలీట్ చేయలేదు. పైగా 24కి కుదించాక పోయిన శబ్దం మళ్లీ తిరిగి రాదు.