చిన్న మాటలతో పెళ్ళి మాట

మా విశాఖపట్నంలో ఒక వైపు పోర్టు, ఒక వైపు ఉక్కు కర్మాగారం ఉన్నవి. ఈ రెండింటి మూలముగా దేశంలోని అన్ని భాషలవారు మా మధ్యకు వచ్చి స్థిరపడ్డారు. గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం ప్రాంతాలలో ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వచ్చినప్పుడు నాలుగైదు భాషలు వినబడతాయి. కనుక వేరు భాషవారితో పెళ్ళి సంబంధాలు కలవడం మాకు వింత కాదు. అయితే పెళ్ళి మాటను అవతలివారి భాషలోనే, స్వయంగా రాసుకొని అడిగినవారు అరుదు. అట్టి ఒక యువకుని గూర్చి ఈ నెల చెప్పదలచాము.

అది 2016వ సంవత్సరం. అతనిది రాంచీ దగ్గర పల్లెటూరు, ముండా జాతి కుటుంబం. 1845లో గోస్నర్ మిషనరీలు రాంచీకి వచ్చి స్థాపించిన లూథరన్ సంఘంలో తాతల కాలం నుండి ఉన్నవారు. చదువంతా హిందీలో జరిగింది. ఉక్కు కర్మాగారంలో పని దొరికి ఇక్కడికి వచ్చి, తోటి పనివారి దగ్గర, కూరగాయల బజారులో రెండేళ్ళలో తెలుగు పట్టుకొన్నాడు. మా సంఘంలో నర్సుగా పనిచేసే ఒక సహోదరిని అతడు ఇష్టపడ్డాడు. ఆమెకూ అయిష్టం లేదు. అయితే ఆమె తండ్రిగారు పోర్టులో కళాసీగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన మాతో ఒకే మాట అన్నారు: "అయ్యగారూ, కుర్రోడు మంచోడే. కానీ రేపు మా పిల్లకి కష్టమొస్తే ఏ భాషలో చెప్పుకుంటాది?"

ఈ మాట అతనికి చేరింది. పదిహేను రోజుల తరువాత అతడు ఒక కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఆ యింటిలో పెద్దలముందు తాను చెప్పదలచిన మాటలు తెలుగులో రాసుకొన్నాడు. భాష తెలుగు, అక్షరాలు మాత్రం హిందీవి. "తప్పులు దిద్దండి పాస్టర్ గారూ, కానీ మాటలు నావే ఉండాలి" అన్నాడు.

అంతకుముందే అతని స్నేహితుడొకడు సినిమా డైలాగులవంటి ప్రసంగం ఒకటి రాసి యిచ్చాడట. అందులో జన్మజన్మల బంధమూ, ప్రాణానికి ప్రాణమూ ఉన్నవి. అది అతడు పక్కన పెట్టేశాడు. మేమూ అదే మంచిదన్నాము. రోజూ "బస్సు వచ్చిందా", "టీ తాగుదామా" అని మాట్లాడే మనిషి ఆ దినమున హఠాత్తుగా పండితుడైతే, ఎదుట కూర్చున్నవారు ఆ మాటలు ఎవరు రాసిచ్చారోనని వెదుకుతారు. వచ్చిన మాటలతోనే చెప్పితే ఆ మాటలకు అతడే సాక్షి. అందుచేత మేము ఒక నియమం పెట్టుకొన్నాము. అర్థాన్ని మార్చివేసే తప్పు మాత్రమే దిద్దాలి. యాసను, పొట్టి వాక్యాలను ముట్టకూడదు. గాజువాకలో నేర్చిన తెలుగు గనుక అతడు "ఏమిటి" అనడానికి "ఏటి" అంటాడు. దానిని అట్లే ఉంచాము.

కాగితంలో ముఖ్యమైన వాక్యం ఇలా ఉన్నది: "నేను మీతో పెళ్ళి చేస్తాను." చదివి మాకు నవ్వు వచ్చింది గాని ఆపుకొన్నాము. హిందీలో "షాదీ కర్‌నా" అంటే పెళ్ళాడడం. "ఆప్ సే" అన్నదానికి "మీతో" అని, "కర్‌నా" అన్నదానికి "చేయడం" అని పెట్టుకొన్నాడు. తెలుగులో అది వేరు అర్థం. "నాయనా, పెళ్ళి చేసేది మేము. ఖర్చు పెట్టి చేసేది అమ్మాయి తండ్రి. నీవు చేసుకొనేవాడివి" అన్నాము. వంట చేస్తే ఊరికి పెట్టవచ్చు. వంట చేసుకొంటే తాను తినడానికే. ఆ "కొను" అన్నది చేరితేనే పని ఫలితం చేసినవానికి తిరిగివస్తుంది. మనము పుట్టినప్పటినుండి అంటున్నాము గనుక దీని సంగతి మనకు తోచదు. నేర్చుకొనేవాడు మాత్రం పడేది ఇక్కడే. ఇంకా "మీతో" కాదు, "మిమ్మల్ని" అనాలి. అలా ఆ వాక్యం "నేను మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని అనుకుంటున్నాను" అయింది. దీనిని అతడు పదిసార్లు పలికి చూసుకొన్నాడు.

రెండవది ఇంకా చిన్నదిగా కనబడుతుంది గాని పెద్దది. "మేము ఇద్దరం కలిసి ప్రార్థన చేస్తాము" అని ఆమెను ఉద్దేశించి రాశాడు. హిందీలో "హమ్" అన్న ఒకే మాట రెంటికీ సరిపోతుంది. తెలుగులో "మేము" అన్నప్పుడు ఎదుట ఉన్న మనిషి బయట నిలబడుతుంది. "మనం" అన్నప్పుడే లోపలికి వస్తుంది. పెళ్ళికి రమ్మని అడుగుతూ "మేము ఇద్దరం" అంటే, ఆ రెండవ మనిషి ఇంకెవరో అని ఆ అమ్మాయి అనుకోవలసి వస్తుంది. ఇది వివరించగానే అతని ముఖం వెలిగింది. "మా నానమ్మ భాషలో ఇది ఉంది!" అన్నాడు. ముండారీలో "అబు" అంటే నీతో కలిపి మనమందరము, "అలే" అంటే నీవు కాక మేము. అంతేకాదు, నీవూ నేనూ ఇద్దరమే అని చెప్పడానికి "అలాంగ్" అని ప్రత్యేకమైన మాట ఒకటి ఉన్నదట. తెలుగును హిందీ తలుపుగుండా చూసినందున, ఇంట్లోనే ఉన్న వస్తువు అతనికి ఇంతకాలం కనబడలేదు. ఆ తరువాత "మనం" అనడంలో అతడు ఒక్కసారి కూడా పొరపడలేదు.

మూడవది అక్షరాల చిక్కు. హిందీ రాతలో మామూలుగా "ఎ"కు, "ఏ"కు వేరు వేరు గుర్తులుండవు. "ఒ", "ఓ"లకూ అంతే. అతడు "మీ మెడలో తాళి" అని రాశాననుకొన్నాడు. చదివినప్పుడు "మీ మేడలో తాళి" అని పలికాడు. పాపం, ఆ కళాసీ గారికి మేడ ఎక్కడిది! పలకడం దిద్దితే సరిపోదు, కాగితం చూసిన ప్రతిసారీ అదే తప్పు తిరిగివస్తుంది. కనుక తెలుగు అక్షరాలు నేర్చుకొని మళ్ళీ రాయమన్నాము. రాత్రి షిఫ్టు లేని రోజులలో కూర్చొని ఆరు వారాలలో నేర్చాడు. అక్షరాలు చిన్నపిల్లల చేతిరాతలా ఉన్నాయి గాని, మెడ మెడగానే ఉన్నది.

"మీరు", "నువ్వు" అన్న విషయం మాత్రం మేము దిద్దలేదు. మన ఇండ్లలో భార్య భర్తను "మీరు" అంటుంది, భర్త భార్యను "నువ్వు" అంటాడు. ఈ సంగతి అతనికి చెప్పాము. కొంచెంసేపు ఆలోచించి, "ఆమె నన్ను మీరు అంటే నేను కూడా మీరు అంటాను" అన్నాడు. ఇది వ్యాకరణం కాదు, అతని మనస్సు. దానిని దిద్దే అధికారం మాకు లేదు.

చివరకు కాగితం ఇలా నిలిచింది. ఆ దంపతుల అనుమతితో ఇక్కడ ఇస్తున్నాము.

"అయ్యగారికి, అమ్మగారికి వందనాలు. నాకు తెలుగు కొంచెం వచ్చు. అందుకే చిన్న మాటలు చెప్తాను. నాకు అమ్మ ఉంది. నాన్న లేరు. నేను ప్లాంటులో పని చేస్తాను." తరువాత అమ్మాయి వైపు తిరిగి: "మీరు నాకు ఇష్టం. నేను మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని అనుకుంటున్నాను. మీకు ఇష్టం అయితేనే. మీకు కష్టం వస్తే తెలుగులో చెప్పండి. నాకు అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాను. మీ మెడలో తాళి కట్టే రోజు కోసం ప్రార్థన చేస్తున్నాను. ఆ తర్వాత మనం ఇద్దరం కలిసి ప్రార్థన చేద్దాం. మన ఇంట్లో తెలుగు ఉంటుంది. మా అమ్మ భాష కూడా ఉంటుంది."

చూడండి, దీనిలో బిడ్డలకు తెలియని మాట ఒక్కటి లేదు. తండ్రిగారు అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఉన్నది.

అయితే రాసుకొన్న ప్రసంగానికి ఒక హద్దు ఉంది. అది మాట్లాడడానికి సాయపడుతుంది గాని వినడానికి సాయపడదు. మనము ఒక వాక్యం చక్కగా పలికితే అవతలివారు మనకు భాషంతా వచ్చుననుకొని వేగంగా మాట్లాడతారు. అందుకని మేము ఇంకొక వాక్యం నేర్పి పంపాము: "ఈ మాట నాకు తెలియదు. మళ్ళీ చిన్న మాటలతో చెప్పండి." అనుకొన్నట్టే జరిగింది. అతడు చదివి ముగించగానే మేనమామగారు గొంతు సవరించుకొని, "ఇచ్చిపుచ్చుకోవడాల విషయంలో మీవాళ్ళ అభిమతం ఏమిటి?" అని అడిగారు. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. తల ఊపి ఉంటే ఆ ఊపును కట్నం కావాలని అర్థం చేసుకొనేవారు. అతడు ఊపలేదు. నేర్చిన వాక్యం చెప్పాడు. మేనమామగారు మళ్ళీ, "డబ్బు ఏమైనా అడుగుతారా?" అన్నారు. "వద్దండి" అన్నాడు. అక్కడ కూర్చున్న మాకు ఆ ఒక్క మాటతో ఊపిరి తిరిగినట్లయింది.

తండ్రిగారు చాలాసేపు మాట్లాడలేదు. కాగితం అడిగి తీసుకొని, కళ్ళజోడు పెట్టుకొని, ఆ వంకర అక్షరాలను తానే చదివారు. తరువాత కూతురిని చూసి, "నువ్వేటంటావమ్మా?" అన్నారు. ఆమె, "అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతానన్నారు కదా నాన్నా, మన భాష వచ్చినవాళ్ళే అలా అడగరు" అన్నది. ఆ మాటకు ఆయన బదులు చెప్పలేదు. రాంచీ నుండి అతని తల్లిగారిని ఎప్పుడు పిలిపించాలో చూడమన్నారు. ఆమె వచ్చిన తరువాత ప్రధానము జరిగింది, సంఘంలో పెళ్ళి ప్రకటనలు చదివాము.

ఈ పట్టణానికి ఇట్టి నేర్చుకొనడం కొత్త కాదు. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ దె గ్రాంజెస్ అనే మిషనరీలు విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చినప్పుడు కూడా, ఆనందరాయర్ అనే ఆయన పక్కన ఉండి సాయం చేసిన తరువాతనే సువార్తల అనువాదం సాగింది. నేర్చుకొనేవాడు తానే రాయాలి. తెలిసినవాడు పక్కన కూర్చొని వినాలి. ఈ రెంటిలో ఏది లేకపోయినా మాట కుదరదు.

కనుక ప్రియులారా, మీ యింటికి వేరు భాష నుండి అల్లుడు గాని కోడలు గాని వచ్చిన యెడల, వారు "పెళ్ళి చేస్తాను" అన్నప్పుడు నవ్వకండి. "చేసుకుంటాను" అని మీరు మెల్లగా ఒకసారి పలకండి, వారు మీ వెంట పలుకుతారు. వాక్యాలు పొట్టిగా చెప్పండి. తల ఊపినంత మాత్రాన అర్థమైనదని అనుకోకండి, తిరిగి చెప్పమని అడగండి. వారు "మేము" అని మిమ్మల్ని బయట నిలబెట్టినప్పుడు అది అక్కర లేక కాదని తెలిసికొని, "మనం" అన్న మాట వారికి మొదట నేర్పండి.